పేరు ముందు, చీర తర్వాత

అనంతపురం

అమ్మీ,

నీ ఉత్తరం అందింది. ఉగాదికి ప్రొద్దుటూరు ఇంటికి పోయేటప్పుడు చీరలోనే దిగుతా, నేను కొడుకును కాదు ఆడపిల్లనని అందరికీ ఒకేసారి తెలిసిపోనీ అని రాశావు. ఇరవై రెండేళ్లప్పుడు నేనూ అదే చేశాను. చిన్నాన్న కూతురి పెళ్లికి పట్టుచీర కట్టుకుని పోయాను. ఆ రాత్రే మా అన్న నా ఫోను లాక్కున్నాడు. పదో తరగతి మెమోతో సహా కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అవి చేతికి రావడానికి మూడేళ్లు పట్టింది. చీర కట్టినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు, కాగితాలు ముందే తెచ్చుకోలేదే అన్నదే బాధ.

మనలాంటి ట్రాన్స్‌జెండర్లకు తమ తీరుకు తగ్గట్టు బట్టలు కట్టుకునే, మాట్లాడే హక్కు ఉందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, కానీ రాత్రి పదకొండుకు మీ నాన్న తలుపేసేస్తే ఎక్కడ పడుకుంటావు? హాస్టల్ ఫీజు ఆయనే కడుతున్నాడు, ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. అందుకని ముందు మెమోలు, ఆధార్ నీ దగ్గరికి తెచ్చుకో. బ్యాంకు ఖాతాకు నీ నంబరే ఉండాలి. రెండు నెలల ఫీజు పక్కన పెట్టు. ఇంటికి తెలిసే పనులు ఆ తర్వాతే.

అంతవరకు పేరుతో మొదలుపెట్టు. నాకు తెలిసిన ధర్మవరం పిల్ల ఒకామె ఇంట్లో పేరు జయచంద్ర. ఆమె 'జయ' అని పెట్టుకుంది. ఇంట్లోవాళ్లు అది ముద్దుపేరు అనుకున్నారు, స్నేహితులకు మాత్రం ఆమె జయక్కే. నీకు మాధురి అంటే ఇష్టమని తెలుసు, దాన్ని ఇప్పటికి నమ్మకమైన స్నేహితురాలు ఒక్కదానికే చెప్పు. రెండు మూడు వారాలు ఆగు. ఆ పేరు ఇంకొకరి నోటినుంచి నీ చెవిన పడిందంటే ఆమె దగ్గర మాట నిలవదని అర్థం, రెండో మనిషికి చెప్పడం ఆపేయ్. వాట్సాప్‌లో మాత్రం పేరు మార్చకు. నీ నంబర్ సేవ్ చేసుకోని బంధువులకు కూడా గ్రూపులో ఆ పేరు కనిపిస్తుంది. ఫోన్‌పేలో ఇంకో తిరకాసు ఉంది: డబ్బు వేసేవాళ్లకు బ్యాంకులో ఉన్న పాత పేరే కనిపిస్తుంది. కొత్తవాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం నగదులోనే మేలు.

తర్వాత మాట. 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' అంటే తెలుగులో ఆడో మగో తేలదు. 'చిన్నప్పుడు బడికి పోయేవాణ్ణి' అన్నచోటే నోరు పట్టిస్తుంది. ఇంట్లో 'పోతాంటి' అను. మన సీమలో అందరూ అనేదే, అందులో వాణ్ణీ లేదు, దాన్నీ లేదు. ఆ స్నేహితురాలి దగ్గర 'పోయేదాన్ని' అని అలవాటు చేసుకో. ఆమె నీ గురించి చెప్పేటప్పుడు 'వచ్చింది' అనాలి, కానీ పక్కన మీ ఊరివాళ్లుంటే 'వచ్చారు' అనమను. మర్యాద ఇస్తోందనుకుంటారు. ఎక్కడ ఏ పేరు వాడాలో కూడా ముందే చెప్పి పెట్టు. జయ స్నేహితురాలు ఒకసారి వాళ్లింటికి ఫోన్ చేసి 'జయక్క ఉందా' అంది. ఎత్తింది వాళ్ల నాన్న. రాంగ్ నంబర్ అని జయ ఎలాగో సర్దింది, కానీ వారం రోజులు ఆమెకు అన్నం సహించలేదు.

బట్టలు చివర పెట్టమనడానికి కారణం ఉంది. పేరు నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు, బజారులో నిన్ను చూసిన కన్ను మర్చిపోదు. ముందు మగా ఆడా ఇద్దరూ వేసే పొడుగు కుర్తా వేసుకో, చెవికి చిన్న పోగు పెట్టుకో. జుట్టు పెంచుతావు కదా, ఎవరైనా అడిగితే తిరుపతి మొక్కు అని మాత్రం అనకు. నేను అన్నాను. మా అమ్మ వెంటనే తేదీ ఖాయం చేసి గుండు కొట్టించింది.

పూర్తి ఆడబట్టలతో బయటికి పోయేది మీ ఊళ్లో వద్దు, కడపలో మీ కాలేజీ వైపూ వద్దు. బస్టాండు బాత్రూంలో మార్చుకోవద్దు. మగబట్టల్లో లోపలికి పోయి చుడీదార్‌లో బయటికొస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. స్నేహితురాలి ఇంట్లో మార్చుకుని, పగటిపూట, ఇద్దరూ కలిసి, ఒక్క గంట పోయిరండి. మొదట చీర వద్దు, అందులో వేగంగా నడవలేవు. ధర్మవరం పక్కన పుట్టి నేను ఈ మాట అనాల్సి వచ్చింది చూడు! తిరిగొచ్చే ఆటోను ముందే మాట్లాడుకో. ఎవరైనా వెంటబడితే ఇంటివైపు నడవకు, ఇల్లు తెలిసిపోతుంది. మనుషులున్న మెడికల్ షాపులోకి పోయి నిలబడి, 112కు ఫోన్ చెయ్.

ఉగాదికి కుర్తాలోనే పో. తిరిగొచ్చేటప్పుడు సంచిలో మెమోలు ఉండాలి. కడపలో బస్సు దిగగానే నాకు మెసేజ్ పెట్టు.

మీ అక్క