ఈసీజీలో ‘లెఫ్ట్ యాక్సిస్’ అంటే గుండె పక్కకు జరిగినట్టా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పదేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటుంది. షుగర్ లేదు, ఛాతీ నొప్పి ఎప్పుడూ రాలేదు. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీస్తే ‘సైనస్ రిథమ్, రేటు 78, పీఆర్ 160, యాక్సిస్ మైనస్ 38, లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్, నాన్‌స్పెసిఫిక్ ఎస్టీ-టీ ఛేంజెస్, అబ్‌నార్మల్ ఈసీజీ, అన్‌కన్ఫర్మ్‌డ్’ అని వచ్చింది. గుండె ఎడమవైపు జరిగిందేమోనని అమ్మ రెండు రోజులుగా సరిగా తినడం లేదు. ఆపరేషన్ మానుకోవాలా?

జవాబు: గుండె ఎక్కడికీ జరగలేదు. ముందు ఆ మాట అమ్మగారికి చెప్పి, భోజనం పెట్టండి. తర్వాత రిపోర్టును చివరి మాట నుంచి చదువుదాం. ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ అంటే ఆ వాక్యాలన్నీ మెషీన్ తనంతట తాను అచ్చువేసినవనీ, డాక్టర్ ఇంకా చూసి సంతకం పెట్టలేదనీ అర్థం. తన కొలతల్లో ఒక్కటి హద్దు దాటినా మెషీన్ కింద ‘అబ్‌నార్మల్’ అని వేసేయవచ్చు. అమ్మగారి బీపీ, వాడే మందులు దానికి తెలియవు. అందుకే ఆ ఒక్క మాటను పట్టుకుని భయపడకూడదు. అలాగని కాగితం పక్కన పడేయకూడదు కూడా.

మొదటి మాట ‘సైనస్ రిథమ్’ మంచి కబురు. గుండె కుడి పై గదిలో ఉండే సైనస్ నోడ్ నుంచే ప్రతి కొట్టుకోవడమూ మొదలవుతోందని అర్థం. కాగితం మీద ప్రతి పొడవాటి గీతకు ముందు ఒక చిన్న గుండ్రటి అల కనిపిస్తుంది, అదే పీ అల. నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు రేటు కాబట్టి 78 బాగుంది. మీరే సరిచూసుకోవచ్చు: రెండు పొడవాటి గీతల మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి, 300ని ఆ సంఖ్యతో భాగిస్తే రేటు వస్తుంది. అమ్మగారి కాగితంలో దాదాపు నాలుగు గళ్లుండాలి. పీఆర్ 160 అంటే పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరడానికి పట్టిన మిల్లీసెకన్లు. 120 నుంచి 200 వరకు మామూలే.

మిమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది యాక్సిస్. కింది గదుల్లో కరెంటు అన్ని వైపులకూ పాకుతుంది. ఆ పాకడమంతా కలిపి చూస్తే మొత్తం మీద ఏ దిక్కుకు పోయిందో చెప్పే కోణమే యాక్సిస్. అది గుండె కూర్చున్న చోటు కాదు, కరెంటు నడిచిన దిశ. ఎడమ చేతి వైపు అడ్డంగా సున్నా డిగ్రీలు, పాదాల వైపు నిట్టనిలువుగా ప్లస్ 90. సున్నాకు పైన ఎడమ భుజం వైపు మైనస్ లెక్క. పెద్దవాళ్లలో మైనస్ 30 నుంచి ప్లస్ 90 వరకు మామూలుగా తీసుకుంటాం. అమ్మగారిది మైనస్ 38, అంటే హద్దుకు ఎనిమిది డిగ్రీలు అవతల. కాగితం మీద ఇది ఎలా కనిపిస్తుందంటే, మొదటి లీడ్‌లో, అంటే ఒక దిక్కు నుంచి గుండెను చూసే గీతల వరుసలో, పొడవాటి గీత పైకి ఉంటుంది, రెండో లీడ్‌లో పైకి లేచిన దానికంటే కిందికి దిగింది కాస్త ఎక్కువ ఉంటుంది.

ఇలా ఎందుకవుతుంది? పదేళ్ల బీపీకి ఎదురు పనిచేసి ఎడమ కింది గది గోడ మందమైతే కరెంటు అటు మొగ్గవచ్చు. ఎడమవైపు కరెంటు తీగలాంటి శాఖలో ముందు పాయ నెమ్మదించినా మొగ్గుతుంది, కానీ దానికి సాధారణంగా మైనస్ 45 దాటాలి. పొట్ట లావుగా ఉండి, ఊపిరితిత్తుల కింది పొర అయిన ఉదరవితానాన్ని పైకి నెట్టినా కొన్ని డిగ్రీలు తేడా వస్తుంది. వీటన్నిటికంటే ముందు తోసిపుచ్చాల్సింది ఒకటుంది: గుండె అడుగుభాగంలో ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన హార్ట్ ఎటాక్. దాని గుర్తుగా రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో గీత ముందుగా లోతుగా కిందికి దిగుతుంది, దాన్నే క్యూ అల అంటాం. మెషీన్ ఆ మాట అనలేదు. అయినా డాక్టర్ కంటితో ఆ మూడు లీడ్లూ చూడాలి. ‘ఈ మూడింట్లో క్యూ ఉందా డాక్టర్‌గారూ?’ అని అడగండి, అది సరైన ప్రశ్నే.

ఇక ‘నాన్‌స్పెసిఫిక్’. ఈ మాటకు ‘చిన్నదే, పట్టించుకోనక్కర్లేదు’ అని అర్థం కాదు, ‘జబ్బు’ అనీ కాదు. పొడవాటి గీత తర్వాత వచ్చే ఎస్టీ భాగం కాస్త కుంగింది, లేదా టీ అల చదునైంది, కానీ ఈ కాగితం చూసి కారణం చెప్పలేం అని అర్థం. ఎస్టీ కుంగుదల సాధారణంగా ఒక చిన్న గడి కూడా ఉండదు. కారణాలు చాలా. బీపీ వల్ల గోడ మందమవడం, రక్తహీనత, థైరాయిడ్, ఆందోళనతో వేగంగా ఊపిరి తీయడం, ఛాతీ మీద పట్టీ ఒక పక్కటెముక పైన అంటించడం, అలాగే గుండె రక్తనాళాలు సన్నబడటం కూడా.

అమ్మగారి విషయంలో నేను ముందు అనుమానించేది పొటాషియం. క్లోర్‌థాలిడోన్ మూత్రంతోపాటు పొటాషియంను బయటికి పంపుతుంది. అది తగ్గితే టీ అల చదునవుతుంది. కానీ టెల్మిసార్టాన్ పొటాషియంను పెంచే రకం. రెండూ కలిస్తే ఎటు మొగ్గిందో రక్త పరీక్షే చెప్పాలి. కాబట్టి ఎవరో చెప్పారని పొటాషియం సిరప్ మొదలుపెట్టవద్దు, మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చేయించండి. పొటాషియం సుమారు 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ కూడా అదే రక్తంతో చూడవచ్చు.

తర్వాత చేయాల్సినవి రెండు. పాత ఈసీజీ ఏదైనా ఉంటే వెతికి తీసుకెళ్లండి. నాలుగేళ్ల కిందటి కాగితంలోనూ ఇదే కోణం, ఇదే చదును టీ ఉంటే సగం దిగులు తీరినట్టే. కొత్తగా వచ్చిన మార్పయితే డాక్టర్ ఆలోచన మారుతుంది. రెండోది ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. గోడ మందం, గుండె పిండే బలం, ఏదైనా భాగం సరిగా కదలకపోవడం అందులో కనిపిస్తాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష అందరికీ అక్కర్లేదు. అయితే అమ్మగారిని ఒక్కటి నిదానంగా అడగండి. మెట్లెక్కినప్పుడు, బిందె మోసినప్పుడు ఛాతీలో బరువు, దవడ లాగడం, మునుపు లేని ఆయాసం ఉన్నాయా? ఆడవాళ్లలో కొందరు దీన్ని నొప్పి అని చెప్పరు, ‘అలసట’ అనో ‘గ్యాస్’ అనో చెప్పి సర్దుకుంటారు. అవును అంటే ఆపరేషన్ కంటే ముందు గుండె డాక్టర్‌ను కలవాలి.

అవేమీ లేక, క్యూ అలలు లేక, పొటాషియం, బీపీ సరిగా ఉంటే, శుక్లాల ఆపరేషన్ మానుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. కంటికి మాత్రమే మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్ అది, గుండె మీద భారం చాలా తక్కువ. తుది మాట ఫిజీషియన్ చూశాక చెప్పాలి.

ఈసీజీ గుండెను పది సెకన్లే చూస్తుంది. అందుకే రిపోర్టు బాగున్నా, బాగాలేకపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి: ఛాతీలో బరువు కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టి ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా పాత కాగితంతో పోల్చుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ కాగితం వేడితో అచ్చయ్యే రకమైతే కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. ఇవాళే జిరాక్స్ తీసి, తేదీ, ఆ రోజు వేసుకున్న మందుల పేర్లు వెనక రాసి ఉంచండి. వచ్చేసారి పోల్చి చూసే పాత ఈసీజీ ఇదే.