మొదటి ఉద్యోగంలో తొలి 90 రోజులు

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫ్రెషర్‌గా చేరాను. మొదటి మూడు నెలల్లో నమ్మకం ఎలా సంపాదించాలి?

మొదటి నెల చిన్న పనులు చెప్పిన టైముకి ఇవ్వండి, రెండో నెల రోజూ చేసే పని ఒకటి పూర్తిగా మీ చేతికి తీసుకోండి, మార్పుల గురించి మూడో నెలలోనే మాట్లాడండి. కొత్తవాళ్ల తెలివిని కొలిచే తీరిక పై అధికారికి ఉండదు. ఈ మనిషికి పని అప్పగిస్తే మళ్లీ అడగాల్సి వస్తుందా అన్నదే ఆయన చూస్తాడు.

ఉదాహరణకు, తోతాపురి గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే బ్రిక్స్ రిపోర్టు నాలుగింటికి ఇవ్వాలి. రెండింటికి చూస్తే, డిస్టిల్డ్ వాటర్ వేసినా బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ సున్నా చూపడం లేదు. అప్పుడే వెళ్లి చెప్పండి: "సార్, మీటర్ సున్నాకి రావట్లేదు. ఆరు శాంపిళ్లలో రెండు సరిచేసుకోవాలి, నాలుగు మిగిలాయి. వేరే మీటర్ దొరికితే ఐదింటికి ఇస్తాను." లోడు ఆపాలో వద్దో తేల్చుకోవడానికి ఆయనకు రెండు గంటలు దొరుకుతాయి. అదే మాట నాలుగింటికి చెబితే లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది.

రాత్రి ఎనిమిది దాకా కూర్చుంటే మంచి పేరు వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆలస్యంగా ఇంటికి వెళ్లడం కన్నా, ఆలస్యాన్ని ముందే చెప్పడం ఎక్కువ గుర్తుంటుంది.