సైట్ నుంచి తొందరలో ఫోన్ వస్తే: ముందు అంకె, తర్వాత ఒక్క ప్రశ్న

"సిమెంట్ షాపులో కొత్తగా కూర్చుంటున్నా. స్లాబ్‌కి ఎన్ని బస్తాలో తొందరగా చెప్పమంటారు. వివరాలు అడిగితే విసుక్కుంటారు, అడక్కుండా చెప్పాలంటే టెన్షన్. మీరేం చేస్తారు?"

మాదీ సిమెంట్ షాపే. నేనైతే ముందు అంకె చెప్పేస్తాను, ఏం అనుకుని చెప్పానో అదే మాటలో కలుపుతాను, ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడుగుతాను.

10 బై 12 అడుగుల గది అనుకోండి. "అయిదంగుళాల మందానికి 12 బస్తాలు పంపుతున్నా అన్నా, బీములు కూడా ఇప్పుడే పోస్తున్నారా?" అంటాను. లెక్క చూస్తే 120 చదరపు అడుగులకి 5 అంగుళాల మందమంటే 50 ఘనపుటడుగులు, దాదాపు 1.4 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీట్‌కి ఘనపు మీటరుకి 8 బస్తాలు వేసుకుంటే 11 దాటుతుంది కాబట్టి 12. "మందం ఎంత?" అని అడిగితే మేస్త్రికి చిరాకు, కానీ అయిదంగుళాలని మనమే అనేస్తే, నాలుగైతే "కాదు, నాలుగే" అని వెంటనే దిద్దుతాడు, అప్పుడు 10 చాలు.

ప్రశ్న బీముల గురించే ఎందుకంటే అంకెని బాగా మార్చేది అదే. నాలుగు వైపులా 9 అంగుళాల వెడల్పు, స్లాబ్ కింద అడుగు లోతు బీములుంటే ఇంకో 7, 8 బస్తాలు పడతాయి. మిగతావి బండి బయల్దేరాక అడగొచ్చు.

అంకె ఎప్పుడూ పైకే సర్దండి. విప్పని బస్తా వెనక్కి తీసుకోవచ్చు, కానీ పోత మధ్యలో సిమెంట్ అయిపోయి ఇంకో బండి వచ్చేలోగా ముందు పోసిన కాంక్రీట్ గట్టిపడటం మొదలైతే అక్కడ జాయింట్ పడుతుంది, వానాకాలంలో నీళ్ళు కారేది సరిగ్గా అక్కడే.

"సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?" అన్నప్పుడు మాత్రం ఇంకా జాగ్రత్త. నేను "21 రోజులు పోట్లు కదపకండి, గోడకీ గోడకీ మధ్య దూరం చెబితే మళ్ళీ చూద్దాం" అంటాను. కాంక్రీట్ పనులకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంట్‌తో పోసిన స్లాబ్ 4.5 మీటర్ల లోపైతే పోట్లకి కనీసం 7 రోజులు, దాటితే 14, 6 మీటర్లు దాటిన బీముకి 21. పీపీసీ బలం రావడానికి ఇంకా టైమ్ తీసుకుంటుంది, కాబట్టి ఏ బస్తా వాడారో తెలియకుండా నేను తగ్గించి చెప్పను.

ఏ సైజు కడ్డీ వెయ్యాలి, ఎంత దూరంలో వెయ్యాలి అని అడిగితే అంచనా అసలు చెప్పకండి, ఎంత తొందరలో ఉన్నా సరే. డ్రాయింగ్ చూడమనండి, లేకపోతే ఇంజనీరుకి ఫోన్ కలిపివ్వండి.