ట్యూషన్‌కు పిల్లల్ని తెచ్చినవారికి ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: కర్నూలులో ఇళ్లకు టీచర్లను పంపి ట్యూషన్లు చెప్పిస్తున్నాం. ఒక్కో పిల్లాడికి నెలకు 3,000 ఫీజు, టీచరుకు 2,200 పోతుంది. కొత్తవాళ్లను తెచ్చిన తల్లిదండ్రులకు, పిల్లాడు చేరిన రోజే 1,000 ఇద్దామనుకుంటున్నాం. వాట్సాప్‌లో ఏమని పంపాలి?

జవాబు: 1,000 ఎక్కువేమీ కాదండీ, ఇచ్చే రోజే తప్పు. టీచరుకు పోగా మిగిలే 800లో ఫోన్లకు, తిరుగుడుకు ఓ వంద తీసేస్తే మీ చేతికొచ్చేది 700. ముందుగా ఊరికే చెప్పించే ఒకరోజు క్లాసుకు టీచరుకు 150 ఇస్తారనుకుందాం. చేరిన రోజే 1,000 ఇచ్చి, ఆ పిల్లాడు నెలకే మానేస్తే మీకు 450 నష్టం. అదే రెండో నెల ఫీజు అందాక ఇస్తే, వచ్చిన 1,400లోంచి 1,150 పోయినా 250 మిగులుతుంది. నెలకే మానేస్తే ఇవ్వాల్సిందేమీ ఉండదు.

ఆ వెయ్యినీ ఒకరికే ఇవ్వకండి. తెచ్చినవారికి 500, చేరినవారికి 500 చేయండి. పక్కింటివాళ్లను చేర్పించి కమీషన్ తిన్నారన్న మాట పడటం ఎవరికీ ఇష్టముండదు; ఇద్దరికీ దక్కితే ఆ మొహమాటం ఉండదు. నగదు వద్దు, వచ్చే నెల ఫీజులో తగ్గించండి. అప్పుడు పాతవాళ్లూ ఇంకో నెల నిలుస్తారు.

పదో తరగతి సంగతి వేరు. జనవరిలో చేరినవాడు మార్చి పరీక్షలతో వెళ్లిపోతాడు కాబట్టి అక్కడ 250 చొప్పున చాలు. సొంత రెండో బిడ్డకు ఇది వర్తించదని ముందే చెప్పండి. ఇద్దరు "మేమే పంపాం" అంటే, కొత్తవాళ్లు మొదటి ఫోన్‌లో ఎవరి పేరు చెప్పారో వారిదే. ఆ పేరు తేదీతో పుస్తకంలో రాసుకోకపోతే గొడవ ఖాయం.

ఇక మెసేజ్. అందరికీ బ్రాడ్‌కాస్ట్ చేస్తే మీ నంబరు సేవ్ చేసుకోనివారికి అసలు చేరదు. యూనిట్ టెస్టులో మార్కులు పెరిగాయని ఏ తల్లి ఫోన్ చేసిందో, ఆ వారంలోనే ఆమెకు విడిగా పంపండి. అదీ మీ ప్రకటనలా కాదు, ఆమె ఉన్నదున్నట్టు పక్కింటికి పంపగలిగే మాటల్లో:

"వదినా, మావాడికి ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పడానికి ఇంటికే మేడమ్ వస్తున్నారు. మీ పాపకూ ఒకరోజు ఊరికే చెప్పించి చూడండి. నచ్చి చేరితే, రెండు నెలల ఫీజు కట్టాక మూడో నెలలో మీకు 500 తగ్గిస్తారు, మాకూ 500 తగ్గుతుంది. ఈ నంబరుకు ఫోన్ చేసి మా పేరు చెప్పండి."

"మాకూ" అన్న మాట తీసేయకండి. తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆ ఇద్దరి మధ్యా చెడుతుంది, మీ దగ్గరా మానేస్తారు.

ఇంకొకటి: కల్లూరులో పాఠం చెప్పే టీచరుకు అదే వీధిలో రెండో ఇల్లు దొరికితే పెట్రోలు కలిసొస్తుంది, ఆమె మానేయదు. నగరం అవతలి చివర ఒక్క ఇల్లు వస్తే, టీచరు కుదిరాకే ఒప్పుకోండి.