రమ్మీ బాకీ బయటపడ్డాక

బెంగళూరులో ఉంటాం. ఆన్‌లైన్ రమ్మీలో నాలుగు లక్షలు పోయాయని మా ఆయన నిన్న చెప్పారు. ఇంటి డబ్బు ఎలా కాపాడుకోను?

ముందు ఆయన సిబిల్ రిపోర్టు ఇద్దరూ కలిసి తెరవండి. ఏడాదికోసారి ఉచితం. మొదట చెప్పే లెక్క చాలాసార్లు తక్కువే ఉంటుంది. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు అందులో కనపడవు, విడిగా అడగాలి.

మీ జీతం మీ ఒక్కరి పేరున్న ఖాతాలో పడనివ్వండి. జాయింట్ ఖాతాలో ఎవరైనా ఒక్కరే తీసుకునే పద్ధతి ఉంటే, ఇద్దరి సంతకాలూ ఉండాలని బ్యాంకులో మార్పించండి. ఆయన జీతం పడిన మర్నాడే అద్దె, ఫీజుల డబ్బు మీకు వచ్చేలా పెట్టించండి. మిగతా డబ్బు ఎటు పోతోందో స్టేట్‌మెంటులో నెలనెలా ఇద్దరూ చూడండి.

తీర్చడంలో క్రెడిట్ కార్డు ముందు, మామూలుగా వడ్డీ దానికే ఎక్కువ. కార్డు మీద లక్ష ఉంటే, నెలకు పాతికవేలు కట్టినా వడ్డీతో అయిదో నెల దాకా పడుతుంది. కట్టేది మీ చేత్తో కట్టండి. కొత్త లోనుకు మాత్రం హామీ సంతకం పెట్టకండి. పెడితే ఆ బాకీ మీదీ అవుతుంది.