గోధుమ రంగు కళ్ళను నీలం చేస్తే బొమ్మ కళ్ళలా ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: మా చెల్లి తన ఫొటోలో కళ్ళు నీలంగా చేసిపెట్టమని సరదాగా అడిగింది. ఫొటోషాప్‌లో కంటి మీద నీలం పూసి Color మోడ్ పెట్టాను. బొమ్మకు అతికించిన కళ్ళలా వచ్చాయి. Opacity తగ్గిస్తే బురద రంగు వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు:

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెళ్ళి ఆల్బమ్‌లు చేయడమే నా పని. మీరు ఎంచుకున్న నీలం ఏదైనా సరే, ఈ పద్ధతిలో ఫలితం ఇలాగే వస్తుంది. Color మోడ్ మీ లేయర్ నుంచి రంగును, దాని గాఢతను మాత్రమే తీసుకుంటుంది. వెలుగునీడలు కింద ఉన్న ఫొటోవే ఉంటాయి. మన గోధుమ కళ్ళు ఫొటోలో చాలా చీకటిగా పడతాయి. కంట్లో రంగు ఉండే గుండ్రటి భాగాన్ని, అంటే ఐరిస్‌ను చూస్తే, నిజమైన నీలి కన్నుది దానికంటే చాలా తేటగా ఉంటుంది. మీరు తయారుచేసిన కన్ను నీలంగా ఉంది కానీ గోధుమ కన్నంత చీకటిగానే ఉంది. అలాంటి కన్ను మనం ఎక్కడా చూడలేదు కాబట్టి ఇంకు పోసినట్టు అనిపిస్తుంది. Opacity తగ్గిస్తే నీలం కింది గోధుమతో కలిసి బురదవుతుంది.

ఇది నాకు ఒక పెళ్ళిలో బాగా ఒంటబట్టింది. పెళ్ళికూతురు మా ఊరమ్మాయి, పెళ్ళికొడుకుది సరిహద్దు అవతల పాతపట్నం. అమ్మాయి గ్రే రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంది. హోమం పొగకు కళ్ళు మండి నలిపేసరికి కుడి కంటి లెన్సు ఊడిపోయింది. ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, తలంబ్రాల దగ్గర నుంచి అప్పగింతల దాకా అమ్మాయికి ఒక కన్ను గ్రే, ఒకటి గోధుమ. కన్ను స్పష్టంగా కనిపించేంత దగ్గరి ఫొటోలు 22 తేలాయి.

గ్రే కంటినే గోధుమ చేద్దామని చెప్పి చూశాను. తేటగా ఉన్నదాన్ని చీకటి చేయడం తేలిక, ఏమైనా లోపాలుంటే ఆ చీకటిలో కలిసిపోతాయి. వాళ్ళమ్మగారు ఒప్పుకోలేదు. ముందు ఫొటోల్లో గ్రే ఉంది కదా, అన్నీ గ్రేలోనే ఉండాలన్నారు.

మొదట అడ్డదారి తొక్కాను. ఎడమ కంటి ఐరిస్‌ను కాపీ చేసి, అద్దంలో బొమ్మలా తిప్పి, కుడి కంటికి అతికించాను. రంగు అచ్చంగా కుదిరింది. మర్నాడు స్టూడియోకి వచ్చిన అమ్మాయి మేనత్త చూడగానే, “ఏటి బాబూ ఇది, పిల్లకి మెల్లకన్ను పెట్టేశావేటి?” అంది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నా లైటు కెమెరాకు ఎడమ పక్కన కాస్త పైన ఉంది. అందుకని దాని తెల్లటి మెరుపు రెండు కళ్ళలోనూ గడియారంలో పది ఉండే చోట పడింది. నేను తిప్పి అతికించిన కంట్లో అది రెండు ఉండే చోటికి వెళ్ళిపోయింది. కంటి డాక్టర్లు మెల్లకన్ను ఉందో లేదో తెలుసుకోవడానికి టార్చి వేసి, రెండు కళ్ళలో మెరుపు ఒకే చోట పడుతోందా లేదా అని చూస్తారు. మేనత్తగారు టార్చి లేకుండానే ఆ పరీక్ష చేసేశారు.

ఆ తర్వాత మీరు చేసిన పనే నేనూ చేశాను. లెన్సు నుంచి గ్రే శాంపిల్ తీసి గోధుమ కంటి మీద Color మోడ్‌లో వేశాను. కన్ను గ్రే అవలేదు, బొగ్గు అయింది. ఇక Curves తో వెలుగు పెంచితే ఐరిస్ అంతా చుక్కలు చుక్కలుగా, గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది.

ఆ గళ్ళకు కారణం తెలిస్తే దారి దానంతటదే దొరుకుతుంది. గోధుమ కంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. అది నీలి కాంతిని బాగా మింగేస్తుంది, ఎరుపును కాస్త వదిలిపెడుతుంది. అందుకే ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానల్స్‌లో నీలం దాదాపు ఖాళీగా ఉంటుంది. అందులో ఉన్నదల్లా నాయిస్, జేపెగ్ చెత్త. కంటి నార, గీతలు, వలయాలు అన్నీ ఎరుపు చానల్‌లో ఉంటాయి. ఎరుపు దాటి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ దగ్గరికి వెళితే ఇంకా స్పష్టం. ఆధార్ సెంటర్లో కళ్ళను స్కాన్ చేసే యంత్రం ఆ కాంతినే వాడుతుంది, అందుకే ఎంత నల్లటి కళ్ళయినా దానికి గీతలు దొరుకుతాయి. మన కెమెరాకు అంత శక్తి లేదు, ఎరుపు చానల్‌తో సరిపెట్టుకోవాలి.

కాబట్టి Channel Mixer లేయర్ పెట్టి, అది ఐరిస్ మీద మాత్రమే పనిచేసేలా మాస్క్ వేసి, Monochrome టిక్ చేసి, Red 100, Green 0, Blue 0 ఇచ్చాను. బొగ్గులా కనిపించిన కంట్లో నారలు బయటికొచ్చాయి. దాని మీద అదే మాస్క్‌తో Curves పెట్టి నడిమి వెలుగును పక్క కంటితో సరిపోయేదాకా ఎత్తాను. రంగు ఇంకా వేయలేదు, అయినా పని సగం పైనే అయిపోయింది.

అయితే ఐరిస్ అంతటినీ ఒకే మోతాదులో ఎత్తితే మళ్ళీ బొమ్మ కన్నే వస్తుంది. చాలామంది ఫొటోల్లో నాకు కనిపించే లోపం ఇదే. ఐరిస్ పైన అతికించిన బిళ్ళ కాదు, రెప్ప కింద, నీటిపొర లాంటి కార్నియా వెనకాల ఉంటుంది. పై రెప్ప ఐరిస్ పైభాగాన్ని కొంచెం కప్పుతుంది, దాని నీడ కింద ఇంకొంచెం మేర పడుతుంది. ఆ నీడ ఉన్న చోట మాస్క్‌ను మెత్తటి బ్రష్‌తో నల్లబరిచాను. బయటి అంచున ఐరిస్ తెల్లగుడ్డును కలిసే చోట ముదురు వలయం ఉంటుంది, దాన్నీ అలాగే వదిలేశాను. ఇక కాంతి ఒక పక్క నుంచి వస్తే కార్నియా దాన్ని వంచి ఐరిస్ అవతలి పక్కకు చేరుస్తుంది. నా లైటు ఎడమ పైనుంచి వచ్చింది కాబట్టి, ఐరిస్ కింద కుడి భాగం అన్నిటికంటే తేటగా ఉండాలి. అక్కడ Dodge తో కొద్దిగా పెంచాను. గాజు గోళీలో వెలుగు నిండినట్టు కనిపించేది దీనివల్లే, ఇది లేకపోతే కాగితం అతికించినట్టుంటుంది.

మాస్క్ అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు. ఎంత మెత్తగా ఉండాలో లెక్క వేసుకోవచ్చు. మనిషి ఐరిస్ అడ్డంగా దాదాపు 12 మిల్లీమీటర్లు. ఆల్బమ్ షీటులో ముఖం అసలు సైజులో మూడో వంతు పడితే అది 4 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 47 పిక్సెళ్ళు. అంత చిన్నదానికి రెండు మూడు పిక్సెళ్ళ మెత్తదనం చాలు. 10 పెడితే రంగు తెల్లగుడ్డు మీదకు కారుతుంది.

మెరుపుచుక్క మీద రంగు అస్సలు పడకూడదు. అది కంటి రంగు కాదు, పైన నీటిపొర మీద పడిన నా లైటు ప్రతిబింబం. కన్ను ఏ రంగైనా అది తెల్లగానే ఉండాలి. దాన్ని మాస్క్‌లో నల్లగా చేసి బయటికి వదిలేశాను. చాలామంది చేసే నీలి కళ్ళలో మెరుపు కూడా నీలంగా ఉంటుంది. చూసేవాడికి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేడు.

మధ్యలో నల్లటి కంటిపాప దగ్గర నాకు ఒక వింత సమస్య వచ్చింది. రంగు లెన్సులో మధ్య రంధ్రం సైజు మారదు. మండపంలో వెలుతురు తక్కువై అమ్మాయి కంటిపాప పెద్దదయింది, లెన్సు మీది గ్రే చుక్కలు దాని అంచు మీదకు వచ్చి కూర్చున్నాయి. కుడి కంట్లో నేను సహజమైన పాపను ఉంచితే రెండు పాపలు రెండు సైజుల్లో కనిపించాయి. చివరికి కుడి పాప అంచు మీద కూడా పల్చగా గ్రే వేయాల్సి వచ్చింది. లెన్సు కంటిని జత చేసేటప్పుడే ఈ బెడద, మీకు అవసరం లేదు. మీరు పాపను నల్లగా, దాని సైజులో దాన్ని వదిలేయండి.

ఇక రంగు. నీలి కళ్ళలో నీలం రంగు పదార్థం ఉండదు. మెలనిన్ తక్కువగా ఉన్న ముందు పొరలో కాంతి చెదిరి నీలంగా కనిపిస్తుంది, ఆకాశం నీలంగా కనిపించినట్టే. అందుకే ఆ నీలంలో బూడిద ఎక్కువ. కలర్ పికర్‌లో S అని ఉండే అంకెను నేను 25 దాటనివ్వను. ఆ రంగును Color మోడ్‌లో పైన వేసి, Opacity 40 దగ్గర మొదలుపెట్టండి. పాప చుట్టూ సన్నటి వలయంలో అసలు గోధుమను కొంచెం వదిలితే ఇంకా నమ్మబుద్ధేస్తుంది, తేట కళ్ళలో చాలావాటికి అలాంటి వలయం నిజంగానే ఉంటుంది. రంగు మార్చాక తెల్లగుడ్డు పచ్చగా ఉన్నట్టు అనిపించి తెల్లబరచాలనిపిస్తుంది. చేయకండి. అది గుండ్రటి వస్తువు, మూలల్లో నీడ ఉండాల్సిందే.

లోపం వెలుగులో ఉందా రంగులో ఉందా అని తేల్చడానికి నేను అన్నిటికంటే పైన Black & White లేయర్ ఒకటి పెట్టి చూస్తాను. నలుపు తెలుపులో కూడా కన్ను అతికించినట్టుంటే రంగుతో కుస్తీ పట్టి లాభం లేదు, వెనక్కి వెళ్ళి వెలుగునీడలు సరిచేయాలి. నలుపు తెలుపులో బాగుండి రంగులో చెడితే రంగు ఎక్కువైనట్టు. చూసేటప్పుడు ప్రింటు సైజుకు తగ్గించి చూడండి, 400 శాతంలో ఏ కన్నయినా వింతగానే ఉంటుంది.

చెల్లి ఫొటో వాట్సాప్‌లో వచ్చినదైతే మాత్రం ఎరుపు చానల్‌లో కూడా పెద్దగా ఏమీ మిగలకపోవచ్చు, కెమెరాలోని అసలు ఫైలు అడగండి. నా 22 ఫొటోల్లో 19 కుదిరాయి. మూడింట్లో అమ్మాయి కిందకు చూస్తోంది, ఐరిస్ మొత్తం నీడలో నల్లగా పడింది, ఎత్తడానికి అందులో ఏమీ లేదు. వాటిలో ఆ కంటిని అలాగే ఉంచి గ్రే కంటిని కొంచెం చీకటి చేశాను. అమ్మాయి మేనత్త వాటిని దాటి వెళ్ళిపోయి, అప్పగింతల ఫొటోలో తన చీర రంగు సరిగా రాలేదని పట్టుకుంది.