తుపాకులున్నా బారులు తీరి ఎందుకు నిలబడేవారు?

ప్రశ్న: పాతకాలం యుద్ధాల్లో సైనికులు చాటుకు వెళ్లకుండా ఎదురెదురుగా వరసల్లో ఎందుకు నిలబడేవారు?

అప్పటి తుపాకీ మస్కెట్. లోపల నున్నటి గొట్టం ఉన్న దాని గుండు వంద గజాలు దాటితే ఎటు పోతుందో చెప్పలేం. మళ్లీ మందు కూరడానికి దాదాపు 20 సెకన్లు. అందుకే వందలమంది వరసకట్టి, శత్రువుకు దగ్గరగా నిలబడి ఒకేసారి కాల్చాలి.

1759 సెప్టెంబర్ 13న కెనడాలోని క్యూబెక్ దగ్గర బ్రిటిష్‌వాళ్లతో జరిగిన పోరులో ఫ్రెంచి సేన తొందరపడి దూరం నుంచే కాల్చింది. ఆ సేన వరసలో కలిపిన కెనడా మిలీషియా, అంటే స్థానిక పౌరుల దళం, అడవి పోరు అలవాటుతో నేలమీద పడుకుని మందు కూరింది. దాంతో వరస చెదిరింది. బ్రిటిష్‌వాళ్లు మాత్రం రెండేసి గుళ్లు కూరి, శత్రువు సుమారు 40 గజాలకు వచ్చేదాకా ఆగి కాల్చారు. పొగలోంచి, తుపాకీ కొనకు బిగించిన బాయొనెట్ కత్తులతో దూకేసరికి ఫ్రెంచి సేన పారిపోయింది. ఇలాంటి దాడిలో పోట్లకంటే భయమే ఎక్కువ పని చేస్తుంది.

అయితే తరుముతున్న బ్రిటిష్‌వాళ్లను పొదల చాటు నుంచి విడివిడిగా కాల్చి ఆపిందీ ఆ మిలీషియావాళ్లే.